పేపర్లు వేరైనా పిల్లల్ని పోల్చవచ్చా? ఐదు ఉమ్మడి ప్రశ్నలు చెప్పే లెక్క

విజయవాడలో ఆదివారం పొద్దున వీకెండ్ టెస్టు రాసిన ఇంటర్ పిల్లల ర్యాంకులు సోమవారం సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తాయి. అదే కాలేజీకి గుంటూరులో కూడా ఒక క్యాంపస్ ఉందనుకుందాం. అక్కడ టెస్టు మధ్యాహ్నం. పొద్దున రాసినవాళ్ల దగ్గర్నుంచి ప్రశ్నలు పొక్కకుండా గుంటూరుకి వేరే పేపరు ఇచ్చారు. రెండు పేపర్లలోనూ 30 లెక్కలే. ఆప్షన్లు లేవు, జవాబు అంకె రాయాలి. విజయవాడలో ఒకమ్మాయికి 18 వచ్చాయి, గుంటూరులో ఒకబ్బాయికి 21. పీడీఎఫ్‌లో అబ్బాయి పేరు పైన ఉంది, అమ్మాయి పేరు చాలా కింద ఉంది. ఆ రాత్రి ఆ అమ్మాయి ఇంట్లో ఏం మాటలు నడుస్తాయో ఈ ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కానీ ఆ మూడు మార్కుల తేడా పిల్లలదా, పేపర్లదా? ఇది ఎంట్రన్స్ హాల్లో ఇచ్చే ఏ, బీ, సీ, డీ సెట్ల లాంటి సంగతి కాదు. ఆ సెట్లలో ప్రశ్నలు అవే, వరస మాత్రమే మారుతుంది. ఇక్కడ ప్రశ్నలే వేరు. ఒక పేపరు గట్టిగా, ఇంకోటి తేలిగ్గా ఉండొచ్చు. ఎంత గట్టిగా ఉందో మార్కులు చూసి చెప్పలేం. సగటు మార్కులు తక్కువ వచ్చాయంటే పేపరు కష్టమైనా అయ్యుండాలి, రాసినవాళ్లు బలహీనులైనా అయ్యుండాలి. పేపరుని కొలవాలంటే ముందు పిల్లలు తెలియాలి, పిల్లల్ని కొలవాలంటే ముందు పేపరు తెలియాలి. ఈ ముడి విప్పడానికి పుట్టిన పద్ధతే ఐటమ్ రెస్పాన్స్ థియరీ, పొట్టిగా ఐఆర్‌టీ.

వెంటనే తట్టే పరిష్కారం పర్సంటైల్. ఎవరి గ్రూపులో వాళ్లు ఎన్నో స్థానంలో ఉన్నారో చూసి, ఆ స్థానాల్ని పోల్చడం. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి వేర్వేరు షిఫ్టుల వాళ్లని ఇలాగే కలుపుతున్నారు. ఒక్కో షిఫ్టులో వేలల్లో, లక్షల్లో రాస్తారు, ఎవరికి ఏ షిఫ్టు పడాలనేది వాళ్ల తెలివిని బట్టి తేలేది కాదు. కాబట్టి ఒక షిఫ్టు పిల్లలు ఇంకో షిఫ్టు పిల్లల్తో సుమారుగా సమానమని అనుకోవడానికి అక్కడ ఆధారం ఉంది. మన ఉదాహరణలో అది లేదు. ఆ కాలేజీ స్టార్ బ్యాచ్ మొత్తం విజయవాడ క్యాంపస్‌లోనే ఉంది. గుంటూరులో ఉన్నవి రెగ్యులర్ బ్యాచ్‌లు. తేడా ఊళ్ల వల్ల వచ్చింది కాదు, బ్యాచ్‌ల పంపకం వల్ల వచ్చింది. అయినా తేడా తేడానే. స్టార్ బ్యాచ్ మధ్య నిలబడిన అమ్మాయి పర్సంటైల్‌నీ, రెగ్యులర్ బ్యాచ్‌లో నిలబడిన అబ్బాయి పర్సంటైల్‌నీ పక్కపక్కన పెడితే అమ్మాయికి అన్యాయం జరుగుతుంది. ఎంత అన్యాయమో కాసేపట్లో అంకెల్లోనే కనిపిస్తుంది.

పిల్లల్ని పక్కన పెట్టి ప్రశ్నల్ని కొలవడం

డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త గియోర్గ్ రాష్ 1950లలో సరిగ్గా ఇలాంటి చిక్కులోనే పడ్డాడు. చదవడంలో వెనకబడిన పిల్లలు వేర్వేరు సమయాల్లో వేర్వేరు పరీక్షలు రాశారు. వాళ్లు ఎంత మెరుగయ్యారో చెప్పాలి. ఆయన చెప్పిన నమూనా 1960లో పుస్తకంగా వచ్చింది. అమెరికాలో ఫ్రెడెరిక్ లార్డ్ అంతకు కొన్నేళ్ల ముందు నుంచే వేరే దారిలో ఇదే ఆలోచన మీద పని చేస్తున్నాడు. ఇద్దరి పనిలోనూ మూలం ఒకటే: మొత్తం మార్కుల్ని కాకుండా, ఒక విద్యార్థి ఒక ప్రశ్నని ఎదుర్కొన్నప్పుడు ఏం జరుగుతుందో లెక్కలోకి తీసుకోవడం.

రాష్ నమూనాలో విద్యార్థికి ఒక అంకె, ప్రశ్నకి ఒక అంకె ఉంటాయి. విద్యార్థి అంకె సామర్థ్యం, దాన్ని θ అంటారు. ప్రశ్న అంకె కఠినత, దాన్ని b అంటారు. రెండూ ఒకే కొలబద్ద మీద ఉంటాయి. ఆ విద్యార్థి ఆ ప్రశ్నని సరిగ్గా చేసే అవకాశం ఈ రెండింటి తేడా మీద మాత్రమే ఆధారపడుతుంది:

```
P = 1 / (1 + e^-(θ - b))
```

సామర్థ్యం, కఠినత సమానమైతే అవకాశం సగానికి సగం. సామర్థ్యం ఒక యూనిట్ ఎక్కువైతే దాదాపు 73 శాతం, రెండు యూనిట్లు ఎక్కువైతే 88 శాతం. ఒక యూనిట్ తక్కువైతే 27 శాతం. ఈ యూనిట్‌కి లాజిట్ అని పేరు. తెలివైనవాడు కూడా తేలిక ప్రశ్న ఒక్కోసారి తప్పు చేస్తాడు, వెనకబడ్డవాడు గట్టి ప్రశ్న ఒక్కోసారి కొట్టేస్తాడు. సూత్రం ఆ రెండింటికీ చోటు ఇస్తుంది.

ఫార్ములా చూడగానే ఒక అనుమానం రావాలి. θ, b రెండూ తెలియవు కదా, ఒకదాని నుంచి ఇంకోదాన్ని ఎలా విడదీస్తారు? ఈ పద్ధతి మొత్తంలో అందమైన చోటు ఇదే. రెండు పేపర్లలోనూ ఉన్న రెండు ప్రశ్నలు తీసుకుందాం. మొదటిది: x² − 5x + 6 = 0 మూలాల వర్గాల మొత్తం ఎంత? జవాబు 13. రెండోది: ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక వేస్తే మొత్తం 8 ఎన్ని విధాలుగా రావచ్చు? జవాబు 5. ఎరుపు 2 తెలుపు 6 వేరు, ఎరుపు 6 తెలుపు 2 వేరు అని పట్టించుకోనివాళ్లు 3 అని రాస్తారు. రెండు నాలుగుల్ని రెండుసార్లు లెక్కపెట్టినవాళ్లు 6 అని రాస్తారు. చిన్న ప్రశ్నే, కానీ మొదటిదానికన్నా ఎక్కువమందిని పడగొడుతుంది.

ఇప్పుడు రెండూ సరిగ్గా చేసినవాళ్లని పక్కన పెట్టండి. రెండూ తప్పు చేసినవాళ్లనీ పక్కన పెట్టండి. ఈ రెండు ప్రశ్నల్లో ఏది కష్టమో వాళ్ల జవాబులు చెప్పవు. రెండింట్లో సరిగ్గా ఒక్కటే చేసినవాళ్లు మిగులుతారు. విజయవాడలో రాసిన 450 మందిలో అలాంటివాళ్లు 200 మంది. వాళ్లలో 150 మంది మూలాల ప్రశ్న చేసి పాచికలది పోగొట్టుకున్నారు, 50 మంది పాచికలది చేసి మూలాలది పోగొట్టుకున్నారు. నిష్పత్తి మూడు. గుంటూరులో రాసింది 270 మంది, ఒక్కటే చేసినవాళ్లు 120. వాళ్లలో 88 మంది మూలాలది చేశారు, 32 మంది పాచికలది చేశారు. నిష్పత్తి 2.75.

గ్రూపు మారింది, బలం మారింది, నిష్పత్తి మాత్రం దాదాపు అక్కడే ఉంది. ఇది కాకతాళీయం కాదు. ఒక విద్యార్థి మొదటిది చేసి రెండోది తప్పడానికీ, రెండోది చేసి మొదటిది తప్పడానికీ ఉన్న అవకాశాల నిష్పత్తిని పై సూత్రంతో రాస్తే, θ పైనా కిందా వచ్చి కొట్టుకుపోతుంది. మిగిలేది రెండు కఠినతల తేడా ఒక్కటే. ఆ విద్యార్థి స్టార్ బ్యాచా, రెగ్యులరా అన్నది లెక్కలో మిగలదు. 3కి సహజ సంవర్గమానం 1.10, 2.75కి 1.01. అంటే పాచికల ప్రశ్న మూలాల ప్రశ్నకన్నా సుమారు ఒక లాజిట్ కష్టమని రెండు ఊళ్లూ విడివిడిగా ఒకే మాట చెప్పాయి. శాతాలు చూస్తే రెండు ఊళ్లలో ఆ ప్రశ్నల కష్టం రెండు రకాలుగా కనిపించేది. జంటగా చూస్తే ఒకేలా కనిపించింది.

తల తెగిన రెండు టేపులు

ఇంతవరకు తేలింది ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య దూరం మాత్రమే. ఆ కొలబద్ద మీద సున్నా ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. సూత్రంలో తేడా మాత్రమే ఉంది కాబట్టి, అందరి θకీ, అన్ని bలకీ ఒకే అంకె కలిపినా అవకాశాలు మారవు. సున్నా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ గ్రూపు సగటు విద్యార్థి దగ్గర గానీ, ఆ పేపరు సగటు ప్రశ్న దగ్గర గానీ సున్నా పెడతాయి. మన లెక్కలో సగటు విద్యార్థి దగ్గర పెడదాం. విజయవాడ సున్నా విజయవాడ సగటు విద్యార్థి, గుంటూరు సున్నా గుంటూరు సగటు విద్యార్థి.

దర్జీ దగ్గర మొదట్లో కొంత చిరిగిపోయిన రెండు టేపులు ఉన్నాయనుకోండి. ఒకటి రెండంగుళాల దగ్గర తెగింది, ఇంకోటి ఐదు దగ్గర. రెండింట్లోనూ అంగుళం అంగుళమే, మొదలు మాత్రం వేరు. ఒక టేపు 40 చూపింది, ఇంకోటి 42 చూపింది అంటే ఏది పొడవో చెప్పలేం. కానీ ఒకే గుమ్మాన్ని రెండు టేపుల్తోనూ కొలిస్తే తేడా తేలిపోతుంది. ఆ తర్వాత ఏ గుడ్డని ఏ టేపుతో కొలిచినా పర్వాలేదు.

పరీక్షలో ఆ గుమ్మం లాంటివే ఉమ్మడి ప్రశ్నలు. వీటిని యాంకర్ ప్రశ్నలు అంటారు. రెండు పేపర్లలో 25 ప్రశ్నలు వేర్వేరు, 5 ఒకటే. చేత్తో లెక్క వేయడానికని ఇక్కడ ఐదే పెట్టుకున్నాం. పేపర్లో కనీసం ఐదో వంతు ఉమ్మడిగా ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం, ఇంకా ఎక్కువుంటే మరీ మంచిది. రెండు క్యాంపస్‌ల డేటాని విడివిడిగా నడిపితే ఆ ఐదింటి కఠినతలు ఇలా వచ్చాయి:

| ఉమ్మడి ప్రశ్న | విజయవాడ | గుంటూరు | తేడా |
|---|---|---|---|
| 1 | −1.2 | −0.4 | 0.8 |
| 2 (మూలాలు) | −0.5 | 0.4 | 0.9 |
| 3 | 0.1 | 0.8 | 0.7 |
| 4 (పాచికలు) | 0.6 | 1.4 | 0.8 |
| 5 | 1.0 | 0.9 | −0.1 |

ముందు మొదటి నాలుగు వరసలు చూడండి. ప్రతి ప్రశ్నా గుంటూరు కొలబద్ద మీద సుమారు 0.8 ఎక్కువ కష్టంగా కనిపిస్తోంది. ప్రశ్నలు అవే కాబట్టి అవి కష్టమయ్యే వీలు లేదు. జరిగింది సున్నాలో జరుగుబాటు. గుంటూరు సగటు విద్యార్థి విజయవాడ సగటు విద్యార్థి కన్నా 0.8 కింద ఉన్నాడు. అందుకే గుంటూరు అంకెలన్నీ విజయవాడ కొలబద్ద మీదికి తేవాలంటే 0.8 తీసేయాలి. 0.7, 0.8, 0.9 మధ్య ఊగడం సహజమే. ఇంతమంది రాస్తే ఆ తేడాల్లో 0.15కి కాస్త అటూ ఇటూ పొరపాటు ఉంటుంది.

ఐదో ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇద్దరు పిల్లల లెక్క పూర్తి చేద్దాం.

రాష్ నమూనాలో సామర్థ్యం అంచనా వేయడానికి ఎన్ని ప్రశ్నలు సరైనవి అన్న లెక్క చాలు. ఏ ప్రశ్నలు అన్నది అవసరం లేదు. పేపర్లో ప్రశ్నల కఠినతలు సగటుకి దగ్గరగా ఉన్నాయనుకుంటే చేత్తోనే వేయొచ్చు: సరైనవాటిని తప్పులతో భాగించి, సంవర్గమానం తీసి, పేపరు సగటు కఠినత కలపడం. సాఫ్ట్‌వేర్ ప్రతి ప్రశ్ననీ విడిగా చూసి ఇంకాస్త కచ్చితంగా చేస్తుంది, దారి మాత్రం ఇదే.

విజయవాడ పేపరు సగటు కఠినత, విజయవాడ కొలబద్ద మీద, 0.20. అమ్మాయికి 18 ఒప్పులు, 12 తప్పులు. 18/12 అంటే 1.5, సంవర్గమానం 0.41. సామర్థ్యం 0.20 + 0.41 = 0.61. గుంటూరు పేపరు సగటు కఠినత, గుంటూరు కొలబద్ద మీద, 0.10. అబ్బాయికి 21 ఒప్పులు, 9 తప్పులు. 21/9 అంటే 2.33, సంవర్గమానం 0.85. సామర్థ్యం 0.95.

ఇక్కడ ఆగి చూడాలి. 0.95, 0.61 రెండూ ఎవరి గ్రూపు సగటు నుంచి వాళ్లు ఎంత పైన ఉన్నారో చెప్పేవి. రెండు గ్రూపుల్లో పిల్లల మధ్య ఎడం ఒకేలా ఉంటే పర్సంటైల్ కూడా ఈ వరసే ఇస్తుంది: అబ్బాయి ముందు, అమ్మాయి వెనక. మార్కులూ అదే చెప్పాయి, 21, 18 అని. ఇప్పుడు అబ్బాయి అంకెలోంచి 0.8 తీసేద్దాం. 0.95 − 0.80 = 0.15. అమ్మాయిది 0.61. వరస తిరగబడింది.

మార్కుల భాషలో చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. గుంటూరు పేపరు సగటు కఠినత విజయవాడ కొలబద్ద మీద 0.10 − 0.80 = −0.70. అంటే అది విజయవాడ పేపరు కన్నా 0.9 లాజిట్లు తేలిక. ఆ అమ్మాయి ఆ పేపరే రాసి ఉంటే, తేడా 0.61 + 0.70 = 1.31. సూత్రంలో పెడితే ఒక్కో ప్రశ్నకి 79 శాతం అవకాశం, 30 ప్రశ్నలకి దాదాపు 24. అమ్మాయి తెచ్చుకున్న 18కి గుంటూరు పేపర్లో సమానమైనది 24 అన్నమాట. ఆమె ఎన్నడూ చూడని పేపర్లో ఆమెకి ఎన్ని వచ్చేవో చెప్పగలుగుతున్నాం. ప్రశ్నకి తన సొంత కఠినత, మనిషికి తన సొంత సామర్థ్యం ఉన్నాయి, అవి ఒకే కొలబద్ద మీద ఉన్నాయి. వేర్వేరు పేపర్లు రాసినవాళ్లని పోల్చగలగడానికి కారణం ఇదే.

ఐదో ప్రశ్న ఏమైంది?

మిగతావన్నీ గుంటూరులో 0.8 కష్టంగా కనిపిస్తే, ఐదోది కాస్త తేలిగ్గానే కనిపించింది. నాలుగింటి వరస నుంచి 0.9 దూరం జరిగింది. ఉమ్మడి ప్రశ్న 0.3, లేదా మరికొన్ని చోట్ల 0.5, లాజిట్లు దాటి జరిగితే అనుమానించడం ఈ పని చేసేవాళ్ల అలవాటు. ఇది ఏ హద్దుని చూసినా దాటింది.

కారణం అంకెలు చెప్పవు. ఎవరో వెళ్లి చూడాలి. పొద్దున రాసినవాళ్ల నుంచి ఒక ఫోటో గుంటూరు హాస్టల్‌కి చేరి ఉండొచ్చు. ఆ వారమే గుంటూరు లెక్చరర్ క్లాసులో అదే మోడల్ చేయించి ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ ప్రశ్న విజయవాడ పేపర్లో 29వదిగా, గుంటూరు పేపర్లో 6వదిగా పడి ఉండొచ్చు. చివర్లో టైము చాలక వదిలేసిన ప్రశ్న, తాజా బుర్రతో చేసిన ప్రశ్న ఒకే గుమ్మం కాదు. ఉమ్మడి ప్రశ్నల్ని రెండు పేపర్లలోనూ సుమారుగా అదే స్థానంలో పెట్టాలనడానికి కారణం ఇదే. చాలా చోట్ల పట్టించుకోనిది కూడా ఇదే.

ఒక ఆనవాలు మాత్రం డేటాలో దొరుకుతుంది. గుంటూరు పిల్లల్ని మొత్తం మార్కుల్ని బట్టి మూడు భాగాలు చేసి, ఈ ప్రశ్నని ఒక్కో భాగంలో ఎంతమంది చేశారో చూడాలి. మామూలు ప్రశ్నైతే కింది భాగం నుంచి పై భాగానికి మెట్లు ఎక్కినట్టు శాతం పెరుగుతుంది. జవాబు ముందే తెలిసిపోయిన ప్రశ్నలో ఆ మెట్లు చదునైపోతాయి. మిగతా గట్టి ప్రశ్నలేవీ చేయలేని పిల్లలు దీన్ని మాత్రం ధీమాగా చేసి ఉంటారు.

దాన్ని లెక్కలో అలాగే ఉంచేస్తే ఏమవుతుంది? ఐదు తేడాల సగటు 0.62. అప్పుడు గుంటూరు పిల్లలందరికీ 0.80 బదులు 0.62 మాత్రమే తీసేస్తాం. అంటే ఆ ప్రశ్న ముందే తెలిసినవాళ్లకే కాదు, తెలియనివాళ్లకి కూడా, గుంటూరులో ప్రతి ఒక్కరికీ 0.18 లాజిట్ లాభం వస్తుంది. మన అబ్బాయి స్థాయిలో అది ఒక మార్కు పైమాటే. విజయవాడలో ప్రతి ఒక్కరూ అంతమేర కిందికి జారతారు. మామూలు పరీక్షలో ఒక ప్రశ్న పొక్కితే ఆ ఒక్క ప్రశ్న మార్కే పాడవుతుంది. యాంకర్ ప్రశ్న పొక్కితే కొలబద్దే జరుగుతుంది. అందుకే దాన్ని కలిపే లెక్కలోంచి తీసేస్తారు. పిల్లల మార్కుల్లోంచి తీసేయనక్కర్లేదు. రెండు పేపర్లలో అవి రెండు వేర్వేరు ప్రశ్నలన్నట్టు చూస్తే సరిపోతుంది.

ఇలా జరిగే ప్రశ్నల్లో మన ప్రాంతానికి ప్రత్యేకమైన రకం ఒకటుంది. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఒకే ప్రశ్నని రెండు భాషల్లో చదువుతారు. భౌతికశాస్త్రం తెలుగు పుస్తకాల్లో స్పీడ్‌ని వడి అంటారు, వెలాసిటీని వేగం అంటారు. ఇంట్లో, రోడ్డు మీద మాత్రం బండి ఎంత స్పీడుగా పోతోందో చెప్పడానికి అందరం వేగం అనే అంటాం. ఒక బండి వృత్తంలో తిరిగి బయల్దేరిన చోటికి వస్తే సగటు వేగం ఎంత అని అడిగితే, సబ్జెక్టు తెలిసిన పిల్లాడు కూడా వాడుక అర్థంలో పడి దూరాన్ని కాలంతో భాగించే ప్రమాదం ఉంది. సున్నా అని రాయడు. అదే సామర్థ్యం ఉన్న ఇంగ్లిష్ మీడియం పిల్లాడికి ఆ ఉచ్చు అంత బలంగా ఉండదు. ఇద్దరి θ ఒకటే అయినా ప్రశ్న ఇద్దరికీ ఒకేలా పని చేయలేదు. అలాంటి ప్రశ్నని రెండు మీడియంల మధ్య యాంకర్‌గా వాడితే ఒక మీడియం మొత్తానికి అన్యాయం జరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి రెండు మీడియంల సగటుల్ని పోల్చకూడదు. ఒకే మొత్తం మార్కులు వచ్చిన రెండు మీడియంల పిల్లల్ని పక్కపక్కన పెట్టి ఈ ఒక్క ప్రశ్న దగ్గర విడిపోతున్నారా అని చూడాలి.

ఆప్షన్లు ఉంటే

ఇంతవరకు ఊహించి కొట్టడానికి వీల్లేని ప్రశ్నలే తీసుకున్నాం. ఏపీ ఈఏపీసెట్ లాంటి చోట నాలుగు ఆప్షన్లు, నెగటివ్ మార్కులు లేవు. ఏమీ రానివాడికి కూడా నాలుగో వంతు అవకాశం ఉంటుంది. రాష్ సూత్రం మాత్రం బలహీన విద్యార్థికి గట్టి ప్రశ్నలో అవకాశం సున్నాకి చేరుతుందని అంటుంది. ఆ సూత్రాన్నే వాడితే బలహీనమైన గ్రూపులో గట్టి ప్రశ్నలు ఉన్నదానికన్నా తేలిగ్గా కనిపిస్తాయి. అంటే పట్టికలో కింది వరసల తేడాలు క్రమంగా కుంచించుకుపోతాయి. ఒక్క ప్రశ్న కాకుండా గట్టి ప్రశ్నలన్నీ ఒకే వైపు జరిగితే లీకేజీ కన్నా ముందు దీన్ని అనుమానించాలి.

దీనికోసం సూత్రానికి మరో రెండు అంకెలు కలుపుతారు. ఒకటి ఊహ వల్ల వచ్చే అడుగు మట్టం. ఇంకోటి ప్రశ్న పదును, అంటే వచ్చినవాణ్నీ రానివాణ్నీ అది ఎంత స్పష్టంగా విడదీస్తుందన్నది. పదును వచ్చాక టేపుల పోలిక కూడా మారుతుంది. రెండు టేపుల్లో మొదలే కాదు, అంగుళం కూడా వేరు కావొచ్చు. అప్పుడు కూడికతో సరిపోదు, గుణకారం కూడా కావాలి. ఉమ్మడి ప్రశ్నల కఠినతల సగటుతో పాటు వాటి చెదురు కూడా రెండు వైపులా చూసి కొలబద్దల్ని కలుపుతారు. ఈ అంకెలన్నీ నిలకడగా తేలాలంటే ఒక్కో పేపరు వెయ్యి మంది దాకా రాయాలి. రెండు మూడు వందల మంది రాసే క్యాంపస్ టెస్టుకి, ఆప్షన్లు తీసేసి రాష్ నమూనా వాడటమే నమ్మదగ్గ దారి.

ఒకే పేరాగ్రాఫ్ ఇచ్చి కింద నాలుగు ప్రశ్నలు అడిగినప్పుడు ఇంకో చిక్కు ఉంది. పేరా అర్థం కాకపోతే నాలుగూ పోతాయి. నమూనా మాత్రం వాటిని నాలుగు విడి సాక్ష్యాలుగా లెక్కేస్తుంది. ఫలితంలో లేని కచ్చితత్వం కనిపిస్తుంది.

ఆ ఇద్దరి సంగతి

ఐఆర్‌టీ ఇచ్చే ప్రతి సామర్థ్యంతో పాటు అందులో ఎంత పొరపాటు ఉండొచ్చో కూడా ఇస్తుంది. ఒక్కో ప్రశ్న ఇచ్చే సమాచారం P ని (1 − P) తో గుణిస్తే వస్తుంది. అవకాశం సగానికి సగం ఉన్నప్పుడు అది గరిష్ఠం, అంటే మరీ తేలిక, మరీ గట్టి ప్రశ్నలు ఆ విద్యార్థి గురించి పెద్దగా ఏమీ చెప్పవు. అమ్మాయికి 18/30, అంటే 0.6 × 0.4 = 0.24. 30 ప్రశ్నలకి 7.2. దాని వర్గమూలంతో ఒకటిని భాగిస్తే 0.37. అబ్బాయికి 0.7 × 0.3 = 0.21, 30 ప్రశ్నలకి 6.3, పొరపాటు 0.40.

ఇద్దరి మధ్య తేడా 0.46. ఆ తేడాలో ఉండగల పొరపాటు, రెండింటినీ కలిపితే, సుమారు 0.55. తేడా కన్నా పొరపాటే పెద్దది. అమ్మాయే ముందుందన్నది ఎక్కువ అవకాశం ఉన్న మాట, ఖాయమైన మాట కాదు. అబ్బాయే ముందున్నాడని పీడీఎఫ్ చెప్పిన మాటకి మాత్రం ఈ డేటాలో ఆధారమే లేదు. ఇంకో ఆదివారం, ఇంకో వాతావరణం, మరో 30 ప్రశ్నలు అయితే వీళ్లిద్దరి వరస మళ్లీ మారొచ్చు.

30 ప్రశ్నల టెస్టులో ఒక్కొక్క మార్కుకీ ఒక్కొక్క ర్యాంకు ఇచ్చే అలవాటు ఇక్కడే తేలిపోతుంది. ఇదే స్థాయిలో ఉన్న అమ్మాయి 160 ప్రశ్నలు రాస్తే, సమాచారం 38కి పెరిగి పొరపాటు 0.16కి తగ్గుతుంది. అప్పుడు 0.46 తేడా నిలబడుతుంది. వారం వారం రాసే టెస్టులు ఐదింటినీ యాంకర్ ప్రశ్నలతో ఒకే కొలబద్ద మీదికి తెస్తే 150 ప్రశ్నలవుతాయి, దాదాపు అదే కచ్చితత్వం వస్తుంది. అందుకు కావాల్సిందల్లా ప్రతి పేపర్లో ఆరేడు ప్రశ్నల్ని జాగ్రత్తగా దాచి, అదే స్థానంలో మళ్లీ అడగడం, ప్రతిసారీ పట్టికలో ఐదో వరస లాంటిది ఉందేమో చూడటం. అప్పటిదాకా ఆ సోమవారం పీడీఎఫ్‌లో ఆ ఇద్దరి పేర్లూ ఒకే వరసలో ఉండాలి.